నిర్ధారణ: ఆర్‌సీ లో-పాస్ ఫిల్టర్‌లో కొలిచిన కటాఫ్ పౌనఃపున్యం, లెక్కించిన కటాఫ్ పౌనఃపున్యం

ఈ ప్రయోగంలో 10 కిలోఓమ్‌ల నిరోధకం, 10 నానోఫారడ్‌ల సిరామిక్ కెపాసిటర్‌తో అమర్చిన లో-పాస్ ఫిల్టర్‌కు సూత్రం ప్రకారం రావలసిన కటాఫ్ పౌనఃపున్యం 1591.5 హెర్ట్జ్‌లు కాగా, ఓసిలోస్కోప్ మీద మాకు వచ్చినది 1450 హెర్ట్జ్‌లు. అంటే కొలిచిన విలువ లెక్కకు 8.9 శాతం తక్కువ. ఇంత తేడా వచ్చినప్పుడు "పరికరాల లోపాలు, పరిశీలనలో దొర్లిన పొరపాట్లు" అని ఒక్క వాక్యంలో ముగించడం రికార్డుల్లో మామూలే. అయితే ఈ తేడాలో దాదాపు ఏడు శాతం విడిభాగాల అసలు విలువల వల్ల, మిగిలిన రెండు శాతం మేము కొలిచిన పద్ధతి వల్ల వచ్చిందని మా దగ్గరున్న కొలతలే చూపగలవు కాబట్టి, ఆ లెక్కను ఇక్కడ వివరంగా రాస్తున్నాను.

ముందుగా విడిభాగాల సంగతి. fc = 1/(2πRC) అనే సూత్రంలో మేము మొదట వేసినవి విడిభాగాల మీద ముద్రించిన విలువలు. నిరోధకం మీద గోధుమ, నలుపు, నారింజ పట్టీలు, చివర బంగారు పట్టీ ఉన్నాయి. బంగారు పట్టీకి అర్థం విలువ 5 శాతం అటూ ఇటూ ఉండవచ్చునని. కెపాసిటర్ మీద 103K అని ఉంది. ఆ K అక్షరం 10 శాతం వరకు తేడాను అనుమతిస్తుంది. ఈ రెండు హద్దులనూ కలిపి చూస్తే, ఇవే గుర్తులున్న విడిభాగాలతో కట్టిన ఏ ఫిల్టర్‌కైనా కటాఫ్ 1378 నుంచి 1861 హెర్ట్జ్‌ల మధ్య ఎక్కడైనా ఉండవచ్చు. కాబట్టి 1591.5 అని దశాంశంతో సహా రాసుకున్న మా సంఖ్యకు అంత ఖచ్చితత్వం మొదటి నుంచీ లేదు.

విడిభాగాలను విడిగా కొలిచినప్పుడు మల్టీమీటర్ మీద నిరోధం 9.86 కిలోఓమ్‌లు, ఎల్‌సీఆర్ మీటర్ మీద కెపాసిటెన్స్ 10.9 నానోఫారడ్‌లు వచ్చాయి. ఎల్‌సీఆర్ మీటర్‌ను 1 కిలోహెర్ట్జ్ వద్ద ఉంచి కొలిచాం. అది మా కటాఫ్‌కు దగ్గరి పౌనఃపున్యమే కనుక ఆ విలువను నేరుగా వాడుకోవచ్చు. కెపాసిటెన్స్ 9 శాతం ఎక్కువగా ఉండడం కటాఫ్‌ను సుమారు 8.3 శాతం కిందికి దించుతుంది, నిరోధం 1.4 శాతం తక్కువగా ఉండడం దానిని అంతే మేర పైకి లేపుతుంది. రెండూ కలిసి సూత్రం ఇచ్చే విలువ 1481 హెర్ట్జ్‌లు. మేము కొలిచిన 1450తో పోల్చి చూస్తే తేడా 8.9 శాతం నుంచి 2.1 శాతానికి తగ్గింది.

ఇక్కడ ఒక చిన్న పరిశీలనను నమోదు చేయడం అవసరమనిపిస్తోంది. కెపాసిటర్‌ను ఎల్‌సీఆర్ మీటర్ కొక్కేలకు తగిలించి, దాని గోధుమరంగు బిళ్లను వేలికొసల మధ్య అరనిమిషం పట్టుకుంటే, 10.92 దగ్గరున్న అంకె నెమ్మదిగా 10.86కు దిగింది, వదిలేశాక మళ్లీ మెల్లగా పైకి వచ్చింది. సిరామిక్ కెపాసిటర్ల విలువ ఉష్ణోగ్రతతో మారుతుందని తరగతిలో విన్నదే అయినా, వేలి వెచ్చదనానికే అది కదలడం చూశాక, విజయనగరం మే నెల ఎండలో, ఫ్యాన్లు ఆగిన గదిలో కొలిచిన విలువ డిసెంబరులో కొలిచిన విలువతో సరిగ్గా కలవకపోయినా ఆశ్చర్యపడనక్కరలేదని అర్థమైంది. ఈ మార్పు అర శాతమే కనుక మా ఫలితంలో దాన్ని లెక్కలోకి తీసుకోలేదు.

కెపాసిటరే ప్రధాన కారణం అన్న మాటను పరీక్షించకుండా రాయడం నాకు సరిగా తోచలేదు. అందువల్ల గంటస్తంభం సమీపంలోని రేడియో విడిభాగాల దుకాణంలో కొన్న అదే పొట్లం నుంచి ఇంకొక 103K కెపాసిటర్ తీసి కొలిచాం. దాని విలువ 9.6 నానోఫారడ్‌లు. మిగతా అమరికను ఏమీ కదపకుండా దీన్ని పెట్టినప్పుడు కటాఫ్ 1640 హెర్ట్జ్‌లకు పెరిగింది, అంటే ఈసారి ముద్రించిన విలువలతో చేసిన లెక్కకు 3 శాతం పైన నిలిచింది. ఒకే గుర్తు ఉన్న రెండు కెపాసిటర్లలో ఒకటి కటాఫ్‌ను కిందికి, మరొకటి పైకి తీసుకువెళ్లాయి కాబట్టి, మొదటి తేడాకు జనరేటర్‌నో, బ్రెడ్‌బోర్డునో కారణంగా చెప్పడానికి వీలు లేదు.

అయితే ఈ రెండవ కొలతలోనే నన్ను ఎక్కువగా ఆలోచింపజేసిన విషయం ఒకటి ఉంది. కొలిచిన R, C విలువలతో రెండవ ఫిల్టర్‌కు రావలసిన కటాఫ్ 1681 హెర్ట్జ్‌లు, వచ్చినది 1640. ఇది 2.4 శాతం తక్కువ. మొదటి ఫిల్టర్‌లోనూ 2.1 శాతం తక్కువే వచ్చింది. రెండుసార్లూ తేడా ఒకే వైపుకు, దాదాపు ఒకే పరిమాణంలో ఉంది.

దీనికి నేను మొదట రాసుకున్న కారణం సిగ్నల్ జనరేటర్ లోపలి 50 ఓమ్‌ల నిరోధం. దానిని 9.86 కిలోఓమ్‌లకు కలిపితే కటాఫ్ అర శాతం తగ్గుతుంది కదా అనుకున్నాను. చిత్తుప్రతి చూసిన మా అధ్యాపకురాలు "ఇన్‌పుట్ ఓల్టేజిని మీరు ఎక్కడ కొలిచారు?" అని మాత్రమే అడిగారు. మేము మొదటి ఛానల్‌ను ఫిల్టర్ ఇన్‌పుట్ దగ్గరే తగిలించి, ప్రతి పౌనఃపున్యం వద్దా అక్కడ 4.0 ఓల్టులు, శిఖరం నుంచి శిఖరానికి, ఉండేలా సరిచేస్తూ వచ్చాం. 50 ఓమ్‌ల మీద ఎంత ఓల్టేజి పోయినా అది మేము కొలిచే బిందువుకు వెనకే పోతుంది. అవుట్‌పుట్‌కూ ఇన్‌పుట్‌కూ మధ్య నిష్పత్తిలోకి అది రాదు. ఆ కారణాన్ని కొట్టివేశాను.

మిగిలినది ఓసిలోస్కోప్ స్వయంగా ఫిల్టర్ మీద వేసే భారం. అవుట్‌పుట్‌కు మేము వాడినది తగ్గింపు లేని మామూలు కేబుల్. దాని ద్వారా ఓసిలోస్కోప్ ఇన్‌పుట్‌లోని 1 మెగాఓమ్, 25 పికోఫారడ్‌లు, మీటరు పొడవున్న కేబుల్‌లోని సుమారు 100 పికోఫారడ్‌లు మా కెపాసిటర్‌కు సమాంతరంగా చేరతాయి. అదనంగా చేరిన కెపాసిటెన్స్ కటాఫ్‌ను 1.1 శాతం తగ్గిస్తుంది. సమాంతరంగా చేరిన 1 మెగాఓమ్ ఫలిత నిరోధాన్ని తగ్గించి కటాఫ్‌ను 1 శాతం పెంచుతుంది. ఈ రెండూ ఒకదానినొకటి దాదాపు పూర్తిగా రద్దు చేసుకుని, అసలు కటాఫ్ 1481 నుంచి 1478కి మాత్రమే కదులుతుంది. ఇంతవరకు లెక్క చేసి, ఓసిలోస్కోప్ భారం కూడా కారణం కాదని ఆగిపోబోయాను.

కాని 1 మెగాఓమ్ చేసే పని ఇంకొకటి ఉంది. అది 9.86 కిలోఓమ్‌లతో కలిసి ఓల్టేజిని పంచుకుంటుంది కనుక అతి తక్కువ పౌనఃపున్యాల వద్ద కూడా అవుట్‌పుట్ 4.0 ఓల్టులు కాదు, 3.96 ఓల్టులు. కటాఫ్ అంటే అవుట్‌పుట్ తన గరిష్ఠ విలువలో 0.707 వంతుకు పడిపోయే పౌనఃపున్యం. మేము ఆ గరిష్ఠ విలువను విడిగా కొలవకుండా, ఇన్‌పుట్ 4.0లో 0.707 వంతు, అంటే 2.83 ఓల్టులు వచ్చే చోటును కటాఫ్‌గా తీసుకున్నాం. నిజానికి చూడవలసినది 2.80 ఓల్టులు వచ్చే చోటు. ఓల్టేజిలో ఈ ఒక్క శాతం తేడా పౌనఃపున్యంలో రెండు శాతమై కూర్చుంటుంది. ఎందుకంటే కటాఫ్ దగ్గర వక్రరేఖ వాలు తక్కువ, పౌనఃపున్యం ఒక శాతం పెరిగితే అవుట్‌పుట్ అర శాతమే తగ్గుతుంది. ఈ సవరణతో లెక్కిస్తే మా పద్ధతిలో రావలసిన విలువ మొదటి ఫిల్టర్‌కు 1450, రెండవదానికి 1643 హెర్ట్జ్‌లు. మేము కొలిచినవి 1450, 1640.

ఇంత దగ్గరగా కలిసినందుకు సంతోషం కలిగినా, దాన్ని ఉన్నదానికన్నా ఎక్కువ చేసి చెప్పకూడదు. నిలువు అక్షం మీద గడికి 0.5 ఓల్టులు ఉండగా ఒక చిన్న గీత విలువ 0.1 ఓల్టు, కంటితో అందులో సగం వరకే నమ్మకంగా చదవగలం. 2.83 ఓల్టులలో 0.05 అంటే 1.8 శాతం, పౌనఃపున్యంలో అది రెట్టింపై సుమారు 50 హెర్ట్జ్‌లు అవుతుంది. మూడుసార్లు చేసినప్పుడు వచ్చిన 1430, 1450, 1470 తక్కువ వ్యాప్తిలోనే ఉన్నా, మూడింటికీ తెర, గీతలు, చూసే కన్ను ఒకటే కనుక ఆ 50ని తగ్గించుకోవడానికి నాకు ఆధారం లేదు. కాబట్టి మా ఫలితం 1450 ± 50 హెర్ట్జ్‌లు. ముద్రించిన విలువలు ఇచ్చే 1591.5 దీనికి దాదాపు మూడు రెట్ల దూరంలో ఉంది కనుక ఆ తేడా నిజమైనదే. కొలిచిన విలువలు ఇచ్చే 1481 మాత్రం ఈ హద్దులోనే ఉంది; ఒక్క మొదటి ఫిల్టర్ కొలతనే చూస్తే ఆ 2 శాతానికి కారణం వెతకవలసిన అవసరమే లేదని ఎవరైనా అనవచ్చు.

అందుకే ఇంకో రెండు పరిశీలనలను జత చేస్తున్నాను. మొదటిది దశాభేదం. ఓసిలోస్కోప్‌ను X-Y స్థితిలో పెట్టి, దీర్ఘవృత్తం నిలువు అక్షాన్ని కోసే ఎత్తు దాని గరిష్ఠ ఎత్తులో 0.707 వంతుగా ఉండే పౌనఃపున్యాన్ని, అంటే దశాభేదం 45 డిగ్రీలయ్యే చోటును చూశాం. అది మొదటి ఫిల్టర్‌కు 1480 హెర్ట్జ్‌లు వచ్చింది. ఈ పద్ధతిలో దీర్ఘవృత్తాన్ని దానితోనే పోల్చుతాం, 4.0 ఓల్టులతో పోల్చం, కాబట్టి గరిష్ఠ విలువ తగ్గడం దీన్ని తాకదు. 1478 రావాలన్న అంచనాకు ఇది సరిపోయింది. దీని అనిశ్చితి కూడా 50 హెర్ట్జ్‌లే.

రెండవది తరగతి ముగిసే ముందు పది నిమిషాల్లో చేసినది. ఓసిలోస్కోప్ 1 మెగాఓమ్ నిజంగా ఓల్టేజిని తగ్గిస్తోందా అన్నది 10 కిలోఓమ్‌లతో తేలదు, 4.0కీ 3.96కీ తేడా గీత మందంలో కలిసిపోతుంది. నిరోధాన్ని పది రెట్లు పెంచి 100 కిలోఓమ్‌లు, 1 నానోఫారడ్ పెడితే ముద్రించిన విలువల ప్రకారం కటాఫ్ మారదు గాని, తక్కువ పౌనఃపున్యాల వద్ద అవుట్‌పుట్ 3.63 ఓల్టులకు పడిపోవాలి. 100 హెర్ట్జ్‌ల వద్ద ఇన్‌పుట్ 4.0 ఓల్టులు ఉండగా అవుట్‌పుట్ తరంగం 3.6 గీతకు కొంచెం పైన నిలిచింది. కటాఫ్‌కు ఎంతో దిగువన, ఫిల్టర్ ఏమీ ఆపకూడని చోట, ఇంచుమించు పదోవంతు ఓల్టేజి కనబడకుండా పోయింది. అది పోయినది ఓసిలోస్కోప్‌లోకే.

కటాఫ్‌కు పదిరెట్లున్న 14.5 కిలోహెర్ట్జ్‌ల వద్ద అవుట్‌పుట్ 0.40 ఓల్టులు వచ్చింది. దశకానికి 20 డెసిబెల్‌ల తగ్గుదల అన్న సిద్ధాంతంతో అది కలుస్తోంది.

ఈ కారణాల వల్ల మొదటి ఫిల్టర్ కటాఫ్‌ను నేను 1480 ± 50 హెర్ట్జ్‌లుగా నమోదు చేస్తున్నాను. పట్టికలోని 1450ని దిద్దకుండా, అది ఇన్‌పుట్‌ను ఆధారంగా తీసుకుని కొలిచినదని పక్కన రాశాను. తరువాతి జట్టు ఇవే విడిభాగాలను వాడుతుంది కాబట్టి రెండు కెపాసిటర్ల కాళ్లకూ 10.9, 9.6 అని రాసిన కాగితపు చీటీలు కట్టి డబ్బాలో పెట్టాం.