బాపు గురించి రెండు మాటలు

పాస్టర్ గారు మైకు నా చేతికిచ్చి "బాపు గురించి రెండు మంచి మాటలు చెప్పమ్మా" అన్నరు. పెట్టె పక్కన అమ్మ తల ఎత్తుతలేదు.

"అందరికి వందనాలు. బాపు కాజీపేట డీజిల్ షెడ్‌ల ఫిట్టర్, డ్యూటీకి ఎన్నడు లేట్ పోలే, ఇంజిన్ సప్పుడు వింటెనే తేడా ఎక్కడుందో చెప్పేటోడని ఇందాక ఆయన దోస్తులు చెప్పిండ్రు, నిజమే. ఇంట్ల మేం గూడ అట్లనే వినేటోళ్లం, గేటు కాడ సైకిల్ స్టాండ్ ఏసిన సప్పుడును బట్టి ఇయాల పల్లెం గోడకు తగుల్తదా లేదా అని తెలిసిపోయేది."

చిన్నాయన దగ్గిండు. అమ్మ నా కొంగు గుంజింది.

"మాకోసం చానా కష్టపడ్డడు. టెన్త్ దాకా నన్ను చదివిచ్చిండు, తర్వాత పైసలు తమ్మునికి కావాల్నన్నడు, వాడు మంచిగ సెటిలయ్యిండు, సంతోషం. నర్సింగ్ చదువుతానంటే ఆడపిల్లకు గా పనెందుకన్నడు. పక్షవాతమొచ్చి మంచంల పడ్డంక కడిగింది, మందులేసింది, పుండ్లకు కట్లు కట్టింది నేనే. ఆఖరి రోజు నీళ్లు తాపిస్తుంటే నా చెయ్యి గట్టిగ పట్టుకొని తమ్ముని పేరే పిలిచిండు, ఆ... నేనే వాణ్ణని ఊకొట్టిన.

బాపు దేవుని దగ్గరికి పోయిండు. అమ్మ కోసం ప్రార్థన చెయ్యుండ్రి."