మేడ మీద మైకు: శనివారం నీ చేతిలో ఉండాల్సిన కాగితం

తమ్ముడూ,

జలుబు చేసి నా గొంతు పూర్తిగా పోయింది. ఈ శనివారం మైకు నువ్వే పట్టుకోవాలి, నేను మిక్సర్ దగ్గర కూర్చుంటాను. ఈ కాగితాన్ని అట్టకి క్లిప్పు పెట్టి ఉంచుకో, మేడ మీద గాలికి ఎగిరిపోతుంది.

ముందు లెక్క. పేర్లు 12. మనిషికి 5 నిమిషాలు, ఒకరు దిగి ఒకరు ఎక్కడానికి 2, మొత్తం 84. నీ మొదటి మాటలకి 6, టీకి 15. 6:45కి మొదలుపెడితే 8:30కి అవుతుంది. అప్పటికప్పుడు వచ్చి "నాకూ ఒక ఛాన్స్" అనేవాళ్ళకి ఇంకో రెండు చోట్లు ఉన్నాయి. ఎవరు ఎంత బతిమాలినా 9 దాటనివ్వకు. రాత్రి 10 దాటాక లౌడ్‌స్పీకర్ పెట్టకూడదని రూలు. పక్కింటి మావయ్యగారు 9కే పడుకుంటారు, మనకి అది ఇంకా పెద్ద రూలు.

వరస ఇది:

1. బ్యాంకు బాబాయి, పాట
2. నరసాపురం అక్కచెల్లెళ్ళు, జంట పాట
3. ఇంటర్ అమ్మాయి, సొంత కవిత (మొదటిసారి)
4. సెల్ షాపు అన్నయ్య, మిమిక్రీ
5. ట్యూషన్ టీచరుగారు, చిన్న కథ
6. తాతగారు, పద్యాలు
టీ
7. గిటారు కుర్రాడు
8. రొయ్యల చెరువు సూపర్‌వైజరు, జోకులు (మొదటిసారి)
9. పిన్ని, జానపదం
10. డిగ్రీ కుర్రాళ్ళు, ర్యాప్
11. పోస్ట్‌మాన్‌గారు, వేణువు
12. కేటరింగ్ మావయ్య, పాత పాట

పేరు ముందు ఇచ్చినవాళ్ళే ముందు రాలేదేమని ఎవరైనా అడిగితే కారణాలు చెప్పు. బాబాయి ఏ మైకుకీ బెదరరు, ఆయన పాడుతుంటే నేను సౌండు సరిచేసుకుంటాను. నరసాపురం వాళ్ళు సఖినేటిపల్లి రేవులో ఆఖరి పంటు అందుకోవాలి. మొదటిసారి వచ్చేవాళ్ళు చివరిదాకా కూర్చుంటే టెన్షన్‌తో టీ కూడా తాగలేరు, అందుకే వాళ్ళని చివరికి నెట్టలేదు. ఇద్దరు పాటగాళ్ళ మధ్య వీలైనంతవరకు ఒక మాట మనిషిని పెట్టాను. ఎవరైనా రాకపోతే కిందవాళ్ళని ఒక్కో మెట్టు పైకి జరుపు, వరస మాత్రం కలపకు.

టైము చూపించడం: వెనక గోడ దగ్గర చెల్లి కూర్చుంటుంది. 4 నిమిషాలకి ఫోను టార్చి ఒకసారి, 5కి రెండుసార్లు వెలిగిస్తుంది. ఐదున్నరకి నువ్వు లేచి పక్కన నిలబడి చప్పట్లు మొదలుపెట్టు, జనం అందుకుంటారు. మైకు కట్ చేయడం మాత్రం వద్దు, మన ఇంటికొచ్చిన మనిషి. తాతగారికి టార్చి చూపించకు, ఆయన ఎలాగూ చూడరు. టీకి ముందు పెట్టింది అందుకే. మెట్ల మీద గ్లాసుల చప్పుడు వినపడితే ఆయనే ముగిస్తారు.

ఇక నీ మాటలు. మొదట ఇలా అను:

"ఆయ్, అందరికీ నమస్కారమండి. నిజానికి మన గోదావరోళ్ళకి మైకెందుకండీ? కాలవ ఆ గట్టున ఉన్నాయనతో ఈ గట్టు మీంచే పెళ్ళి సంబంధం మాట్లాడేసే గొంతులు మనవి. కానీ అద్దె కట్టేశాం కాబట్టి వాడుకుందాం. ఒక్కొక్కరికి ఐదు నిమిషాలు. పులస ముక్క లాంటిదనుకోండి, చిన్నదే, పంక్తిలో అందరికీ అందాలి. పక్కోళ్ళ ముక్క మీద చెయ్యేస్తే మా చెల్లి టార్చి వేస్తుంది. ఫోన్లు సైలెంట్‌లో పెట్టండి. మనిషి మైకు దగ్గరున్నప్పుడు కబుర్లు ఆపండి, టీలో ఎన్ని చెప్పుకున్నా అడ్డం లేదు. వాళ్ళని అడక్కుండా వీడియో తీయకండి."

మధ్యలో స్టాండు సరిచేసేటప్పుడు ఇవి వాడుకో. బాబాయి అయ్యాక: "బ్యాంకులో ఈయన ఇంత తియ్యగా మాట్లాడితే అప్పులన్నీ ఎప్పుడో వసూలైపోయేవండి." నరసాపురం వాళ్ళకి: "లేసు అల్లే ఊరి నుంచి వచ్చారు, పాటలో ఎక్కడా ముడి కనపడదు." మిమిక్రీకి ముందు: "ఈ అన్నయ్య షాపులో ఫోను రిపేరుకిచ్చాను, మూడు రోజులు 'రేపు రా తమ్ముడూ' అని ఆరు గొంతుల్లో చెప్పారు." గిటారు కుర్రాడు శ్రుతి చేసుకోవడానికి ఎంత సేపు తీసుకుంటాడో నీకు తెలుసు: "ఈ శ్రుతి అయ్యేలోపు ఆత్రేయపురం వెళ్ళి పూతరేకులు తెచ్చుకోవచ్చండి." ఇదొక్కటీ అతను నవ్వితేనే, లేకపోతే ఊరుకో.

మొదటిసారి వచ్చేవాళ్ళ మీద ఒక్క జోకు కూడా వేయకు. పోయినసారి ఒకమ్మాయిని నేనే "చూడ్డానికి పిల్లి, పాడితే పులి" అని పిలిచాను. జనం నవ్వారు. ఆ పిల్ల రెండు లైన్లు పాడి దిగిపోయింది, మళ్ళీ రాలేదు. ఈసారి పేరు, ఏం చేయబోతున్నారు, "ఇదే మొదటిసారి", అంతే. తర్వాత పూర్తిగా పక్కకి జరుగు. దిగాక కూడా "పర్లేదు, బాగానే చేసింది" అనకు, ఆ "పర్లేదు" చాలు గుచ్చుకోవడానికి. ఆ కవితలో నీకు నచ్చిన ఒక మాట పట్టుకుని అది చెప్పు. ఒంటి రంగు, లావు, కులం, పెళ్ళి కాకపోవడం, వీటి జోలికి ఎవరి విషయంలోనూ పోకు.

సౌండు సంగతి. రెండు స్పీకర్లూ మైకుకి ముందుండాలి, జనం వైపు తిరిగి ఉండాలి. మైకు పట్టుకుని స్పీకరు ముందుకి ఎవరైనా నడిస్తే కూత పెడుతుంది. అప్పుడు మైకుని చేత్తో మూసేస్తారు చూడు, దానితో కూత ఇంకా పెరుగుతుంది. పిడి పట్టుకోమను, జాలీ మీద చెయ్యి వద్దు. నోటికి నాలుగు వేళ్ళ దూరం, మాట్లాడుతూ తల తిప్పితే మైకు కూడా తిరగాలి. గట్టిగా పాడేచోట కాస్త వెనక్కి జరపమను. "హలో హలో" అని దాన్ని కొట్టొద్దు, ఊదొద్దు, మామూలుగా ఒక వాక్యం చెబితే చాలు.

వేణువుకి మైకు ఊదే రంధ్రానికి కొంచెం పైన, పక్కగా పెట్టు. ఎదురుగా పెడితే బుస్ బుస్ మని ఊపిరే వినిపిస్తుంది. ట్రాక్ మీద పాడేవాళ్ళ ఫోను వైరుతో కలిపి ఏరోప్లేన్ మోడ్‌లో పెట్టించు. పిన్ని పాట మధ్యలో గ్యాస్ బండ ఓటీపీ రాకూడదు. పెడస్టల్ ఫ్యాను గాలి మైకు మీదకి కొట్టకూడదు. చెరువుల వైపు ఏరేటర్ల మోత ఎలాగూ ఆగదు, అందుకే వేదిక పడమటి గోడకి మార్చాను.

ఆన్ చేసేటప్పుడు ముందు మిక్సర్, ఆఖర్న స్పీకర్లు. ఆపేటప్పుడు ముందు స్పీకర్లు. లేదంటే ధబ్ మని కొడుతుంది, అద్దె స్పీకర్లు. కరెంటు పోతే వాటి స్విచ్ వెంటనే కట్టేసి, జనాన్ని ముందుకి రమ్మని, మైకు లేకుండానే సాగించు. తాతగారికి అదే ఇష్టం.

మంచు కురవడం మొదలయ్యేసరికి మిక్సర్ మీద తువ్వాలు కప్పాలి, నాకు గుర్తు చెయ్యి. ఆఖర్న వైర్లు ఏడు, మైకులు రెండు, స్టాండ్లు రెండు లెక్కపెట్టి సంచిలో వెయ్యి. అద్దె ఆయన ఆదివారం పొద్దున్న 8కి వస్తారు.

అక్క