సిస్టరమ్మ సుశీలమ్మ, 1951–2025

మా అమ్మను తలుచుకోవడానికి వచ్చిన అందరికీ నమస్కారం.

ఇప్పుడు చూడబోయే ఫోటోల్లో సగానికి పైగా మా ఇంట్లోవి కావు. మీ ఇళ్ల ఆల్బమ్‌లలోవి. నామకరణంలోనో, పెళ్లిలోనో, పుట్టువెంట్రుకలు తీసిన రోజునో ఒక మూలన నిలబడి ఉన్న తెల్లచీర మనిషే మా అమ్మ.

ఇంకా ఎవరి దగ్గరైనా ఉంటే గుమ్మం దగ్గర కూర్చున్న మా పెద్దోడికి ఇవ్వండి. ఫోన్లో తీసుకుని అక్కడికక్కడే తిరిగిచ్చేస్తాడు.

చిత్తూరు, 1971

అమ్మకున్న మొదటి ఫోటో ఇదే. నర్సు ట్రైనింగు దరఖాస్తు కోసం స్టూడియోలో తీయించుకుంది. నవ్వొద్దన్నాడట ఫోటోగ్రాఫరు. ఎంత కష్టపడి ఆపుకుందో మొహం చూస్తేనే తెలుస్తుంది.

ట్రైనింగు స్నేహితురాళ్లు

రెండు జడలు పైకి మడిచి రిబ్బన్ కట్టుకున్న పిల్ల అమ్మ. ఈ వరసలోని ఇద్దరు ఇవాళ మన ముందు వరసలో ఉన్నారు. పెద్దమ్మలూ, మీ ఇద్దరికీ వేరుగా నమస్కారం.

కాణిపాకం, 1973. అమ్మా నాయనల పెళ్లి

పెళ్లిచూపుల్లో అమ్మ అడిగింది ఒకే మాట: "ఉద్యోగం మానమంటారా?"
నాయన చెప్పింది: "నాకు వంటొచ్చు."
రాదు.

నాయన చెరకు తోట, గానుగ దగ్గర

పెనంలో పాకం ఉడుకుతోంది. అమ్మ చేతిలో రిజిస్టరు. పొగలో కూర్చుని ఎవరి పేరు రాస్తోందో!

పాకాల దగ్గర సబ్‌సెంటరు, 1974

ఒక గది, ఒక బల్ల, ఒక కిరసనాయిలు స్టవ్వు. స్టవ్వు వంటకు కాదు. గాజు సిరంజీలు, సూదులు ఉడకబెట్టడానికి. ఆ గదిలోంచి కిరసనాయిలు వాసన వచ్చిందంటే ఊళ్లో పిల్లలంతా చెరకు తోటల్లోకి పరారు.

అదే రోజు, అదే ఊరు

వీపు తిప్పి పరిగెడుతున్న ఈ నిక్కరు పిల్లోడు తర్వాత ఊరి సర్పంచయ్యాడు. ఫోటో పంపింది కూడా ఆయనే.

సబ్‌సెంటరు గోడ, 1976

గోడ మీద ఎర్ర త్రికోణం, కుటుంబ నియంత్రణ గుర్తు. ఎమర్జెన్సీ రోజులు. ఆ రెండేళ్ల గురించి అమ్మ ఎప్పుడూ మాట్లాడలేదు. ఇంట్లో ఎవరైనా 'టార్గెట్' అంటే లేచి లోపలికి వెళ్లిపోయేది.

మంత్రసాని మునెమ్మవ్వతో

మొదటి ఏడాది వీళ్లిద్దరికీ మాటల్లేవు. "నిన్న కాక మొన్న వచ్చిన పిల్ల నాకు కాన్పులు నేర్పిస్తాదా" అని మునెమ్మవ్వ. కొడవలితో బొడ్డు కోస్తే బిడ్డకు ధనుర్వాతం వస్తుందని, వారం పది రోజుల్లో పాలు కూడా పట్టలేక పోతాడని అమ్మ చెప్తే ఎవరూ వినేవాళ్లు కాదు.

అమ్మ వాదించడం మానేసింది. కొత్త బ్లేడ్లు, ఉడకబెట్టిన దారం, సబ్బు ఒక మూటగా కట్టి మునెమ్మవ్వ ఇంట్లో పెట్టి వచ్చేది. "వాడితే వాడు, లేకుంటే తాతకు గడ్డం గీసుకోను ఇయ్యి" అని.

తాతకు గడ్డం పెరుగుతూనే వచ్చింది.

ఇద్దరూ మళ్లీ

పదేళ్ల తర్వాత. ఒకే ఆకు, ఒకే వక్క. మునెమ్మవ్వ పోయినప్పుడు అమ్మ పాడె వెంట శ్మశానం దాకా నడిచింది. ఆడవాళ్లు రాకూడదన్న వాళ్లవైపు చూసి ఊరుకుంది.

బరువు చూస్తున్నారు

కొక్కేనికి వేలాడుతున్నది మా తమ్ముడు. ఏడుపు వినపడకపోవడం ఒక్కటే ఈ ఫోటోలో లోపం.

మేము ముగ్గురం, గడప మీద

మా స్కూలు ఫోటోల్లో అమ్మ లేదు. మా పుట్టినరోజు ఫోటోల్లోనూ తక్కువే. మాకు కోపం ఉండేది, ఉన్నమాటే చెప్తున్నాం. రాత్రి తలుపు కొట్టి "సిస్టరమ్మా, నొప్పులొచ్చినాయి" అంటే మా జ్వరం తెల్లారేదాకా ఆగాల్సిందే. నాయన మిరియాల కషాయం కాచేవాడు. అదొక్కటే ఆయన నేర్చుకున్న వంట.

పాకాల జంక్షన్

మీటర్ గేజ్ రోజులు. కాన్పు అడ్డం తిరిగితే ఎద్దులబండి మీద ఇక్కడిదాకా, ఆ తర్వాత ఏ రైలు ముందొస్తే అది. ఇటు తిరుపతి, అటు కాట్పాడి దిగి రాయవేలూరు. ప్లాట్‌ఫారం మీదే పుట్టిన వాళ్లూ ఉన్నారు. ఈ హాల్లోనే ఉన్నారు, నవ్వుతున్నారు.

ఈ బిడ్డ

ఈ ఫోటో చూపించవచ్చని ఆమే చెప్పింది.
బిడ్డ బతికింది. తల్లి బతకలేదు. కాన్పయ్యాక రక్తం ఆగలేదు, బండి దొరికేసరికి తెల్లారింది. అమ్మ ఆ ఇంటికి ఏటా సంక్రాంతికి గౌను కుట్టించి తీసుకెళ్లేది. తర్వాత లంగా ఓణీ. తర్వాత పెళ్లి చీర.
ఆ చీర కట్టుకునే ఇవాళ వచ్చింది.

వర్షంలో, గొడుగు లేకుండా

గొడుగు ఉంది. టీకా మందుల డబ్బా మీద పట్టింది.

1995 డిసెంబరు

దేశమంతా పల్స్ పోలియో మొదలైన నెల. వరండాలో బల్ల, ఐసు డబ్బా, క్యూలో తల్లులు. ఈ రోజు కోసం అమ్మ అంతకు ముందు వారం రోజులు ఇల్లిల్లూ తిరిగింది. చుక్కలు వేయిస్తే ఇంకేదో జరుగుతుందన్న పుకార్లకు ఆమె జవాబు చాలా చిన్నది. మా చెల్లెలి కూతుర్ని చంకనేసుకుని వెళ్లి, అందరికన్నా ముందు ఆ పిల్లకే వేసేది.

చిటికెన వేలి మీద సిరా

వేలెత్తి చూపిస్తున్నది ఆ పిల్లే. ఇప్పుడు హాల్లో మైకు పట్టుకుని తిరుగుతోంది.

ఎడమ భుజం

ఇది ఎవరి భుజమో చెప్పం. బీసీజీ మచ్చ. ఈ హాల్లో చాలామంది భుజాల మీద అమ్మ సంతకం ఇలాగే ఉంది.

నాయనతో, 1998

ఇద్దరూ కలిసి ఉన్న ఆఖరి ఫోటో. బెల్లం దిమ్మె పట్టుకుని ఎందుకు నిలబడ్డారో ఎవరికీ గుర్తులేదు. ఫోటో బాగుంది, అంతే.

తిరుమల మెట్ల దారి, మోకాళ్ల పర్వతం దగ్గర

అందరూ మోకాళ్ల మీద చెయ్యి పెట్టి ఎక్కుతున్నారు. అమ్మ మాత్రం పక్కకు తిరిగి ఎవరితోనో మాట్లాడుతోంది. "నీకు ఎన్నో నెల? ఎవరు ఎక్కమన్నారు నిన్ను?" అని అడుగుతున్న సమయం ఇది. ఆ అమ్మాయి ఎవరో మాకు ఇప్పటికీ తెలియదు.

2005 తర్వాత, 108 బండి పక్కన

పక్కింటి వాళ్ల అబ్బాయి తీశాడు. బండి తలుపు పట్టుకుని నిలబడింది. "ఇది ముప్పై ఏళ్ల ముందు వచ్చుంటే" అని ఒక్కసారే అంది. ఎవరిని తలుచుకుందో మాకు తెలుసు.

రిటైర్మెంటు, 2009

శాలువా, పూలదండ, గోడ గడియారం. మొత్తం ఎన్ని కాన్పులు చేశారని ఒకరు వేదిక మీద అడిగారు. "లెక్కంతా రిజిస్టర్లో ఉంది, చూసుకోండి" అని కూర్చుంది. ఆమె ప్రసంగం అంతే.

తిరుపతి ఇల్లు

రిటైరయ్యాక మా దగ్గరికి వచ్చింది. వచ్చిన నెలలోనే వీధిలో ఎవరు కడుపుతో ఉన్నారో, ఎవరి బిడ్డకు ఏ టీకా బాకీ ఉందో అమ్మకు తెలిసిపోయింది. మాకు మాత్రం ఎదురింటి వాళ్ల పేరు కూడా తెలియదు.

2014 మార్చి 27

పోలియో లేని దేశమని మనకు సర్టిఫికెట్ వచ్చిన రోజు. టీవీ ముందు అమ్మ. ఏడుస్తోందనుకుని దగ్గరికి వెళ్తే, "సౌండు పెంచు" అంది.

గంగజాతర, మే నెల

బైరాగి వేషంలో ఉన్నది పెద్ద మనవడు. ఒంటినిండా నామం, మెడలో రెల్లకాయల దండ. పక్కన అవ్వ చేతిలో ఉన్నది తీర్థం అనుకోకండి. ఓఆర్ఎస్. తాగేదాకా గుడికి కదలనివ్వలేదు.

వంటింట్లో

సంగటి కెలుకుతోంది. ఈ ఒక్క ఫోటో కోసం మనవరాలు తలుపు చాటున అరగంట దాక్కుంది.

2021 మార్చి

కోవిడ్ టీకా వేయించుకుంటోంది. భయపడుతున్నది టీకా వేస్తున్న సిస్టరు. "చెయ్యి వణకనీకు, దూదితో రుద్దొద్దు, ఊరికే ఒత్తి పట్టు" అని అమ్మ మూడు మాటలు చెప్పాక ఆ పిల్ల అడిగింది: "మీరు కూడా సిస్టరేనా అమ్మా?"

2021 నవంబరు, వరద

మా వీధిలో మోకాటి లోతు నీళ్లు. డాబా మీద అమ్మ, చుట్టూ పక్కిళ్ల పిల్లలు. అన్నీ పైకి తెచ్చాం అనుకున్నాం. "నీళ్లు కాచుకోను స్టవ్వేది?" అని అడిగింది.

చివరి ఉగాది

అప్పటికి నడక తగ్గింది, మాట తగ్గలేదు. పచ్చడిలో వేపపువ్వు చాలలేదని కోడళ్లకూ చెప్పింది. కోడళ్లు కాని వాళ్లకూ చెప్పింది.

ఆస్పత్రి మంచం మీద

ఈ ఫోటో పెట్టాలా వద్దా అని ఇంట్లో చాలాసేపు మాట్లాడుకున్నాం. పెట్టాం, ఎందుకంటే అమ్మ ఇందులో నవ్వుతోంది. స్టూడియో వాడు వద్దన్న నవ్వు ఇదే.
డ్యూటీలో ఉన్న నర్సు అమ్మ చెయ్యి పట్టుకుని ఉంది. ఆ అమ్మాయిది పాకాల. వాళ్ల అమ్మ కాన్పు చేసింది ఎవరో ఇంటికి ఫోన్ చేసి కనుక్కుని, పరిగెత్తుకుంటూ వచ్చి చెప్పింది.

మీ ఆల్బమ్‌ల నుంచి

ఇక్కడి నుంచి వరసగా మీరు పంపినవి. పేర్లు వేయలేదు. మిమ్మల్ని మీరు గుర్తుపట్టుకోండి, పక్కవాళ్లకు చూపించండి.

తొట్టిలో వేస్తున్నారు. తొట్టి తాడు సరిచూస్తున్న చెయ్యి అమ్మది.

అన్నప్రాసన. పిల్లోడు కత్తి పట్టుకున్నాడు. అయ్యింది కండక్టరు.

కవలలు. ఎవరు ముందు పుట్టారో అమ్మకే తెలుసు. ఇప్పుడిక ఆ తగువు తేలదు.

పెళ్లి. పెళ్లికూతురు అమ్మ చేతుల్లో పుట్టింది, పెళ్లికొడుకూ అమ్మ చేతుల్లోనే పుట్టాడు. సంబంధం కుదిర్చింది కూడా ఎవరో చెప్పక్కర్లేదు.

సీమంతం. గాజులు తొడుగుతూ నాడి చూస్తోంది.

రిజిస్టరు పేజీ

ఇంట్లో దొరికిన సొంత నోటుపుస్తకం ఇది, ఆఫీసుది కాదు. తేదీ, ఊరు, తల్లి పేరు, బిడ్డ బరువు. చివరి గడిలో ఒక్కో మాట: 'బాగుంది.' 'బాగుంది.' 'మళ్లీ వెళ్లాలి.' 'బాగుంది.'
పుస్తకం వేదిక పక్కన బల్ల మీద ఉంది. మీ పేరు, మీ అమ్మ పేరు వెతుక్కోండి. పేజీలు పాతవి, నెమ్మదిగా తిప్పండి.

భోజనాలు కింది హాల్లో

సంగటి, ఊరిబిండి, పప్పు, ఉలవచారు. సంగటి తినలేని వాళ్లకు అన్నం ఉంది. చిన్నపిల్లల తల్లులు, కడుపుతో ఉన్నవాళ్లు మొదటి పంక్తిలో కూర్చోండి, ఇంట్లో అమ్మ పెట్టిన రూలు ఇదే. చేతులు కడుక్కునే చోట సబ్బు పెట్టాం. పాకాల వైపు వెళ్లేవాళ్లకు తొమ్మిది గంటలకు వ్యాను ఉంది.