తలంబ్రాలు ఆగిన ఫొటో

అమ్మా, నాన్నా,

మీ పెళ్లికి ఈ మాఘమాసంతో యాభై ఏళ్లు నిండాయి. ఇద్దరికీ నా ప్రణామాలు. ఈ ఉత్తరంతో పాటు వచ్చిన అట్టపెట్టెలో మీ పెళ్లి ఫొటో ఉంది. పెద్దది చేయించి, ఫ్రేమ్ కట్టించాను. ముందు ఉత్తరం చదివి, తర్వాత పెట్టె విప్పండి.

అప్పట్లో తెనాలి నుంచి వచ్చిన ఫొటోగ్రాఫర్ దగ్గర ఒకే ఒక్క రీలు ఉందని, పన్నెండు ఫొటోలతో పెళ్లంతా సరిపెట్టాడని నాన్న చెబుతుండేవాడు. ఆ పన్నెండులో మనకు మిగిలినవి ఏడు. మిగతావి పాత ఇంట్లో వాన కారినప్పుడు ఆల్బమ్‌లో బటర్ పేపర్‌కి అతుక్కుపోయాయి. అమ్మ వాటిని విడదీయాలని కూర్చుని, మొహాలన్నీ ఊడి కాగితానికి వచ్చేస్తుంటే ఆపేసి లోపలికి వెళ్లిపోయింది. అప్పుడు నాకు తొమ్మిదేళ్లు. అమ్మ అలా మాట్లాడకుండా లేచి వెళ్లడం అదే మొదటిసారి చూశాను.

ఈ తలంబ్రాల ఫొటో మాత్రం చెక్కు చెదరలేదు. 1976లో అమ్మమ్మ వాళ్ల ఇంటి ముందు తాటాకు పందిరి. ఒక పక్కగా పెట్రోమాక్స్ లైటు. వెనకాల చిన్నత్త నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని నవ్వుతోంది. తాతయ్య అందరికంటే వెనక నిలబడి కండువాతో మొహం తుడుచుకుంటున్నాడు. చెమటో, కన్నీళ్లో తెలీదు. నాన్న రెండు చేతుల నిండా తలంబ్రాలు పట్టుకుని అమ్మ తల మీదికి ఎత్తి, పొయ్యకుండా ఆగిపోయాడు.

ఎందుకు ఆగాడన్న దాని మీద మన ఇంట్లో రెండు కథలున్నాయి. ఫొటోగ్రాఫర్ "కదలకండి" అన్నాడు కాబట్టి ఆగాడని అమ్మ. "మీ అమ్మ కంట్లో గింజ పడింది, అందుకే ఆపాను" అని నాన్న. ఏ పండక్కి ఆల్బమ్ తీసినా ఈ మాట రాకుండా ఉండదు. "మొహం కూడా సరిగ్గా చూడని మనిషికి నా కంట్లో ఏం పడిందో కనపడిందా?" అంటుంది అమ్మ. నాన్న ఇంకేమీ అనడు.

పోయిన నెల స్టూడియోలో ఈ ఫొటో స్కాన్ చేసి కంప్యూటర్ మీద పెద్దది చేసి చూపించారు. అమ్మా, బాసికం కింద నీ కుడి కన్ను గట్టిగా మూసుకుని ఉంది. ఎడమ కన్ను తెరిచే ఉంది. కుడి రెప్ప అంచున ఒక తెల్లటి చుక్క, బియ్యపు గింజంత. చిన్న ఫొటోలో అదంతా నీడలో కలిసిపోయి ఇన్నేళ్లూ మాకెవరికీ కనపడలేదు. నాన్న చూపు కెమెరా వైపు లేదు, సరిగ్గా ఆ కంటి మీదే ఉంది. స్టూడియోలో అంతమంది మధ్య నాకు ఏడుపొచ్చేసింది.

ఆ చూపు నాకు తెలుసు. నిరుడు అమ్మకి శుక్లాల ఆపరేషన్ అయ్యాక వారం రోజులు మీ దగ్గరే ఉన్నాను. చుక్కల మందు నేను వేస్తానంటే నాన్న ఒప్పుకోలేదు. రోజుకి ఆరుసార్లు ఫోన్‌లో అలారం, వేసినప్పుడల్లా క్యాలెండర్ కాగితం వెనక పెన్సిల్‌తో టిక్కు. "పైకి చూడు" అని సీసా ఎత్తి, అమ్మ రెప్ప కొట్టుకోవడం తగ్గేదాకా చెయ్యి గాల్లోనే ఉంచేవాడు. డెబ్బై అయిదేళ్ల చెయ్యి, అయినా వణికేది కాదు. అమ్మా, నువ్వూ అంతే. నాన్నకి షుగర్ వచ్చిందని తెలిసిన రోజు నుంచి నీ కాఫీలో కూడా పంచదార మానేశావు. మానమని నీకెవరూ చెప్పలేదు.

ఫొటోకి రంగులు వేయిద్దామని తమ్ముడు అన్నాడు. నేనే వద్దన్నాను. పసుపు నీళ్లలో ముంచిన మధుపర్కం ఫొటోలో తెల్లగానే పడింది. దాని అంచు ఎరుపో కాదో, జడలో కనకాంబరాలు ఉన్నాయో లేదో కంప్యూటర్‌కేం తెలుసు? అమ్మ చెప్పాలి, పక్కన పిల్లలు కూర్చుని వినాలి.

శనివారం రాత్రికి మేమందరం ఇంటికి వచ్చేస్తాం. అమ్మా, వంటల హడావిడి పెట్టుకోవద్దు. అరిసెలు నేను తెస్తున్నాను, నాన్నకి సగం ముక్క చాలు. ఫొటో హాల్లో తాతయ్య పటం పక్కన పెడదాం, మేకు తమ్ముడు కొడతాడు, నాన్నా నువ్వు స్టూలెక్కకు.

ఇక పెట్టె విప్పండి. అమ్మా, కళ్లజోడు పెట్టుకుని నీ కుడి కన్ను చూసుకో. చూశాక నాన్నతో ఏమన్నావో నాకు ఫోన్ చేసి చెప్పు.

మీ పెద్దమ్మాయి