విషయం: బీకాం ప్రాజెక్టు కోసం మీ షాపులో ఇంటర్వ్యూకి అనుమతి కోరుతూ

సన్యాసిరావు గారికి నమస్కారం.

నా పేరు బొడ్డేటి దివ్య. మద్దిలపాలెంలోని డాక్టర్ వి.ఎస్. కృష్ణా ప్రభుత్వ డిగ్రీ కళాశాలలో బీకాం ఆఖరి సంవత్సరం చదువుతున్నాను. మీ బిల్లు మీద ఉన్న ఈమెయిల్ చూసి రాస్తున్నాను. మీకు తీరిక లేకపోతే కౌంటర్ దగ్గర ఉండే మీ అబ్బాయి గారైనా చదివి చెబుతారని అనుకుంటున్నాను.

ఈ సెమిస్టర్‌లో నా ప్రాజెక్టు కిరాణా షాపుల్లో అరువు ఖాతాల మీద. దాని కోసం మీతో ఒకసారి కూర్చుని మాట్లాడటానికి అనుమతి ఇవ్వమని కోరుతున్నాను.

ఊళ్ళో ఇన్ని షాపులుండగా మిమ్మల్నే అడగడానికి కారణం ఉంది. మీది ఫిషింగ్ హార్బర్ దగ్గరి షాపు. మీ ఖాతాదారుల్లో ఎక్కువమంది బోట్ల మీద పనిచేసేవాళ్ళేనని, అక్కడే ఉండే నా క్లాస్‌మేట్ చెప్పింది. ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు వేట నిషేధం. ఇంజన్ లేని తెప్పలకి వర్తించదు గానీ, మిగతా బోట్లన్నీ ఒడ్డునే ఉంటాయి. ఆ 61 రోజులూ ఇళ్ళల్లో రాబడి పడిపోతుంది, బియ్యం, పప్పు, నూనె ఖర్చు మాత్రం తగ్గదు. అంటే ఊరంతా ఒకేసారి అరువుకి వస్తుందన్నమాట. మామూలు వీధి కిరాణాకి ఇలాంటి పరిస్థితి రాదు. అక్కడ నెల జీతం రాగానే ఖాతా తీరిపోతుంది.

మా పుస్తకంలో రాని బాకీల కోసం బాకీదారుల మొత్తం మీద 5 శాతమో ఎంతో పక్కన పెట్టమని లెక్కలిస్తారు. పరీక్షలో అది వేసేస్తాం, మార్కులూ వస్తాయి. కానీ ఎవరికి ఎంతవరకు అరువివ్వాలో కొట్టు మీద కూర్చున్న మనిషి ఎలా తేల్చుకుంటారో ఏ పుస్తకంలోనూ లేదు. నాకు తెలుసుకోవాలని ఉన్నది అదే. కొత్త మనిషి ఖాతా అడిగితే ముందు ఏం చూస్తారు? నిషేధం మొదలయ్యే ముందే సరుకు ఎక్కువ తెప్పించి ఉంచుతారా? మీరు రెండు నెలలు అరువిస్తే, మీకు సరుకేసే హోల్‌సేల్ వాళ్ళు మీకూ అంత గడువిస్తారా, లేక ఆ భారమంతా మీరే మోస్తారా? బోట్లు మళ్ళీ వేటకి వెళ్ళాక పాత బాకీ ఒకేసారి తీరుస్తారా, కొంచెం కొంచెంగానా? ఫోన్‌పే, గూగుల్ పే వచ్చాక చిన్న అరువులు తగ్గాయా? స్కానర్ పక్కనే ఖాతా పుస్తకం కూడా ఉండటం చూశాను కాబట్టి, తగ్గలేదేమోనని నా అనుమానం. తప్పైతే మీరే చెప్పాలి.

అడగనివి కూడా ముందే చెప్పేస్తాను. మీ టర్నోవర్ ఎంత, లాభమెంత, జీఎస్‌టీ ఎలా కడుతున్నారు అనేవి నా ప్రాజెక్టులో లేవు. ఖాతా పుస్తకం తెరిచి చూపించమని అడగను. ఎవరు ఎంత బాకీ ఉన్నారన్నది నాకు అవసరం లేదు, మాటల్లో ఎవరి పేరైనా వచ్చినా రాసుకోను. రిపోర్టులో మీ పేరు, షాపు పేరు కూడా ఉండవు. ‘హార్బర్ దగ్గరి కిరాణా’ అని మాత్రమే రాస్తాను. మీరు ఒప్పుకుంటేనే ఫోన్‌లో రికార్డు చేస్తాను, లేకపోతే నోట్సు రాసుకుంటాను. కాలేజీకి ఇచ్చే ముందు మీ షాపు గురించి రాసిన పేజీలు తెచ్చి చదివి వినిపిస్తాను. వద్దన్న మాట తీసేస్తాను.

ముప్పావు గంట చాలు. మధ్యాహ్నం రెండు, నాలుగు మధ్య బేరాలు తక్కువుంటాయని విన్నాను. వచ్చే వారంలో మీకు వీలైన ఏ రోజైనా ఆ వేళకి వస్తాను. మధ్యలో ఎవరైనా సరుక్కి వస్తే ఆగుతాను, తొందరేమీ లేదు. నాతో పాటు ఆ క్లాస్‌మేట్ కూడా వస్తుంది. మా లెక్చరర్ గారు సంతకం చేసి ఇచ్చిన కాలేజీ లెటరు, నా ఐడీ కార్డు తెచ్చి చూపిస్తాను.

ఈ మెయిల్‌కే ‘సరే’ అనో, ఫలానా రోజు రమ్మనో ఒక ముక్క రాస్తే చాలు. రాయడం ఇబ్బందైతే, శనివారం సాయంత్రం సరుకులకి అటే వస్తాను, అప్పుడు నోటిమాటగా చెప్పండి. మీకు కుదరదంటే మొహమాటపడకుండా వద్దనే చెప్పండి, ఇంకో షాపు వాళ్ళని అడుగుతాను.

ఇట్లు,
బొడ్డేటి దివ్య
బీకాం ఆఖరి సంవత్సరం