ఆగి, చూసి, దాటుదాం
(మూడో తరగతి. టీచరు పిల్లలకు చదివి చెప్పే పాఠం)

పిల్లలూ, పుస్తకాలు మూసేయండి. అన్నం తినే చెయ్యి పైకెత్తండి. అదే కుడి చెయ్యి. ఎడమ చేత్తో రాసే ఇద్దరు కూడా సరిగ్గానే ఎత్తారు, భేష్! ఆ చెయ్యి ఎటు ఉందో గుర్తుపెట్టుకోండి. రోడ్డు దాటే ముందు మొదట అటే చూడాలి.

ఎందుకో చెబుతాను. మన దేశంలో బండ్లన్నీ రోడ్డుకు ఎడమ పక్కగా వెళ్ళాలి. మీరు రోడ్డు అంచున నిలబడితే, మీకు దగ్గరగా ఉన్న సగంలో వచ్చే బండి మీ కుడివైపు నుంచి వస్తుంది. అడుగు వేయగానే ఎదురయ్యేది అదే. అవతలి సగంలో వచ్చేది ఎడమవైపు నుంచి వస్తుంది. మీరు ఎడమకు చూస్తున్నంతలో కుడివైపు కొత్త బండి వచ్చి ఉండవచ్చు కదా? అందుకే మళ్ళీ ఒకసారి కుడికి. మెడ తిప్పితే చాలదు, కళ్ళు కూడా తిరగాలి! కొందరు తలను గంటలాగా అటూ ఇటూ ఊపేసి 'చూశాను టీచర్' అంటారు. ఏం బండి వచ్చిందని అడిగితే చెప్పలేరు.

మన తిరుపతి సంగతి వేరు. ఇక్కడి రోడ్ల మీద మన ఊరి వాళ్ళు మాత్రమే ఉండరు. చెన్నై నుంచి, బెంగళూరు నుంచి, ఇంకా ఎక్కడెక్కడి నుంచో యాత్రికులు వస్తారు. మొన్న లీలామహల్ కూడలి దగ్గర ఒక కారు చూశాను. పైన సామాన్ల మూటలు, ముందు అద్దానికి పూలదండ. నడిపే ఆయన తల బయటికి పెట్టి సత్రం ఎక్కడుందో అని బోర్డులు చదువుతున్నాడు. ఆయన కళ్ళు పైన ఉన్నాయి, కారు ముందుకు పోతోంది. కింద గుండు చేయించుకున్న ఒక చిన్న బాబు అవ్వ చెయ్యి విదిలించుకుని బొమ్మల బండి వైపు పరుగెత్తబోయాడు. అవ్వ చొక్కా పట్టుకుని వెనక్కి లాగింది కాబట్టి సరిపోయింది. డ్రైవరు మనల్ని చూసే ఉంటాడని ఎప్పుడూ అనుకోకండి.

చూసినా వెంటనే ఆపలేడు. గంటకు 40 కిలోమీటర్ల వేగంతో వచ్చే బండి, ఒక్క సెకనులో 11 మీటర్లు వచ్చేస్తుంది. మన వరండాలో ఈ చివరి నుంచి 11 పెద్ద అడుగులు వేసి చూడండి. మీరు 'అమ్మో' అనేలోపు బండి అంత దూరం వచ్చేస్తుంది. ఆ తరవాతే బ్రేకు పని మొదలవుతుంది.

బస్సు దిగాక దాని ముందు నుంచి దాటవద్దు. బస్సు గోడలాంటిది. దాని పక్కనుంచి వచ్చే మోటారుసైకిలు మీకు కనిపించదు, మీరు దానికి కనిపించరు. బస్సు వెళ్ళిపోయే దాకా ఆగండి. నిలిపి ఉన్న రెండు ఆటోల మధ్య నుంచి తొంగిచూసి పరుగెత్తడమూ అలాంటిదే.

రోడ్డు మధ్యలో డివైడరు ఉంటే అది రెండు రోడ్లని లెక్క. మొదటి సగానికి ముఖ్యంగా కుడికి చూడాలి. మధ్యలో ఆగి, రెండో సగానికి ఎడమకు చూడాలి. అయినా రెండోవైపు కూడా ఒక చూపు వేయండి, ఎందుకంటే తప్పుదారిలో ఎదురొచ్చే పెద్దవాళ్ళు ఉన్నారు. ఈ పాఠం వాళ్ళకూ చెప్పాలి. కాని వాళ్ళు బడికి రారు కదా!

ఇప్పుడు లేచి నిలబడండి. ఈ పాట చప్పట్లతో పాడదాం. ప్రశ్న నేను అడుగుతాను, జవాబు మీరు గట్టిగా చెప్పాలి.

ఆగూ ఆగూ అంచున ఆగు
అటు ఇటు చూసే దాకా ఆగు!

కుడికి చూడు, ఎడమకు చూడు
మళ్ళీ తిరిగి కుడికే చూడు!

బండి వచ్చిందా? – ఆగుతాం, ఆగుతాం!
బండి వెళ్ళిందా? – చూస్తాం, చూస్తాం!
దారి ఖాళీనా? – దాటుతాం, దాటుతాం!

చెయ్యీ చెయ్యీ కలిపీ నడక
చారల మీదే నేరుగ నడక
పరుగులు వద్దు, ఆటలు వద్దు
అవతలి అంచే మనకూ హద్దు!

కూర్చోండి. పాటలో చారలు అన్నాం కదా, అవి రోడ్డు మీద గీసిన జీబ్రా గీతలు. అవి ఉన్నాయని కళ్ళు మూసుకుని దాటకూడదు, అక్కడా ఆగి చూడాల్సిందే.

సిగ్నల్ దగ్గర ఒక చిక్కుంది. పోయిన వారం 'ఆకుపచ్చ లైటు వెలిగితే ఏం చేయాలి?' అని అడిగితే తరగతంతా 'దాటాలి' అన్నారు. తప్పు! బండ్ల వైపు ఉన్న పెద్ద లైటు బండ్ల కోసం. అది ఆకుపచ్చగా వెలిగితే ఆ బండ్లు బయలుదేరతాయి, మనం ఆగాలి. మన కోసం ఉండేది మనిషి బొమ్మ లైటు. ఎర్రమనిషి నిలబడి ఉంటాడు, మనమూ నిలబడాలి. పచ్చమనిషి నడుస్తుంటాడు, అప్పుడు మనం నడవాలి. ఆ బొమ్మ లేని చోట బండ్లకు ఎర్రలైటు పడి, అవి నిజంగా ఆగాకే కదలాలి. ఎడమకు తిరిగే బండ్లు కొన్ని చోట్ల అప్పుడు కూడా వస్తుంటాయి. పోలీసు ఉంటే లైటు కన్నా ఆయన చెయ్యే పెద్దది.

ఇక బోర్డులు. చదవడం రాని వాళ్ళకూ, తెలుగు తెలియని యాత్రికులకూ అర్థం కావాలని వాటి మీద బొమ్మలు పెట్టారు. బొమ్మ కన్నా ముందు ఆకారం చూడండి.

గుండ్రంగా ఉందా? – చెప్పినట్టు చెయ్యమంటుంది!
మూడు మూలలా? – ముందుంది, జాగ్రత్తంటుంది!
నాలుగు మూలలా? – ఏమేం ఉందో చూపిస్తుంది!

గుండ్రటి బోర్డు ఎర్ర అంచుతో ఉంటే సాధారణంగా ఏదో వద్దంటోంది. హారన్ బొమ్మ మీద అడ్డగీత ఉంటే హారన్ కొట్టకూడదు. ఆసుపత్రుల దగ్గర ఇది చూస్తారు. మూడు మూలల ఎర్ర అంచు బోర్డులో బడి పిల్లల బొమ్మ ఉంటే, ముందు బడి ఉంది, మెల్లగా రండి అని. తిరుమల ఘాట్ రోడ్డు మలుపుల బోర్డులు కూడా మూడు మూలలవే. ఆ కొండకు ఎక్కే దారి వేరు, దిగే దారి వేరు. వంపు తిరిగిన బాణం కనిపిస్తే కిటికీలోంచి చెయ్యి లోపలికి తీసుకోండి. నీలం రంగు నాలుగు మూలల బోర్డు పెట్రోలు బంకు, ఆసుపత్రి, భోజనం ఎక్కడుందో చెబుతుంది. మనం చేత్తో తిన్నా భోజనం బోర్డు మీద మాత్రం ఫోర్కు ఉంటుంది.

ఎనిమిది మూలల ఎర్ర బోర్డు ఒక్కటే: 'ఆగు'. ఆ ఆకారం ఇంకే బోర్డుకూ ఇవ్వలేదు. దుమ్ము పట్టి అక్షరాలు కనబడకపోయినా తెలిసిపోతుంది.

కాలిబాట లేని చోట రోడ్డుకు కుడి పక్కన, ఎదురొచ్చే బండ్లు కనిపించేలా నడవండి. బండి ఎక్కితే హెల్మెట్ పెట్టుకోండి, పిల్లల సైజువి దొరుకుతాయి. ఎవరికైనా దెబ్బ తగిలితే పెద్దవాళ్ళను పిలిచి 108కి ఫోను చేయించండి.

ఇంటికి వెళ్ళే దారిలో ఒక బోర్డు చూసి, రేపు దాని బొమ్మ వేసుకురండి. చూడడం కోసం రోడ్డు మధ్యలో ఆగకండి, అంచునే నిలబడండి. తీసుకెళ్ళేవాళ్ళ చెయ్యి వదలకండి.

ఇప్పుడు అందరూ ఆవరణలోకి పదండి. సుద్దముక్కతో జీబ్రా గీతలు గీశాను. కొందరు ఆటోలు, ఒకరు పోలీసు, ఒకరు సప్తగిరి బస్సు. ఏమిటి, అందరూ బస్సే అవుతారా? మరి రోడ్డు దాటేది ఎవరు?