13వ తారీఖు పాటల టికెట్: ఫొటోలో ఉన్నదంతా తెలుగులో

చిన్నమ్మా, నిన్న రాత్రి నువ్వు పంపిన టికెట్ ఫొటోలు రెండూ చూశాను. మొదటిదాంట్లో ట్యూబ్‌లైట్ వెలుగు పడి కింది లైన్లు కనిపించలేదు, రెండోది మంచిగా వచ్చింది. ఒక్కొక్క లైన్ చదివి తెలుగులో రాస్తున్నాను. కాకకు కూడా చదివి వినిపించు.

అన్నిటికన్నా ముందు ఒక మాట. హన్మకొండలో తమ్ముడు చెప్పిన షాపులో తీయించిన ఈ ప్రింటు కాగితంతో లోపలికి పోనివ్వరు. టికెట్ వెనక రెండో పాయింట్‌లోనే ఉంది: "కాగితం మీది ప్రింటు, స్క్రీన్‌షాట్ చెల్లవు. యాప్‌లో కనిపించే కోడ్‌నే గేటు దగ్గర స్కాన్ చేస్తారు. ఆ కోడ్ షో మొదలయ్యే 6 గంటల ముందు నుంచే కనిపిస్తుంది." షో శనివారం సాయంత్రం 7 గంటలకు. అంటే కోడ్ మధ్యాహ్నం ఒంటిగంట తర్వాత వస్తుంది. ఇప్పుడు ఫొటోలో నల్లగా గళ్లు గళ్లుగా ఉన్నది బుకింగ్ గుర్తు మాత్రమే.

ఆ కింద ఇంకోటి ఉంది: "చేతికి కట్టే బ్యాండ్ తీసుకోవడానికి టికెట్ ఎవరి పేరు మీద ఉందో వాళ్ల ఒరిజినల్ గుర్తింపు కార్డు చూపాలి." టికెట్ తమ్ముడి పేరు మీద ఉంది, వాడేమో బెంగళూరులో. అయితే దారి కూడా వాళ్లే చూపించారు: "షోకు 24 గంటల ముందు వరకు యాప్‌లో టికెట్‌ను వేరే వాళ్ల నంబరుకు ఒక్కసారి మార్చవచ్చు." కాబట్టి తమ్ముడు శుక్రవారం సాయంత్రం 7 లోపల నాలుగు టికెట్లూ నీ నంబరుకు మార్చాలి. ఒక్కసారే అన్నారు కాబట్టి ముందు కాక నంబరుకు పంపి తర్వాత నీకు మారుద్దామంటే కుదరదు. నీ ఆధార్ కార్డు వెంట పెట్టుకో, జిరాక్స్ కాదు.

ఇక సీట్లు. నువ్వు "ఏదో లెక్కల పుస్తకంలా ఉంది" అన్నది ఇదే కదా:

```
GT 4 | BLK C LWR | ROW K | ST 21-23
GT 4 | BLK C LWR | ROW L | ST 22 RV
```

`GT 4` అంటే నాలుగో గేటు. స్టేడియం చుట్టూ గేట్లు ఉంటాయి, వేరే గేటుకు పోతే మళ్లీ చుట్టూ నడిపిస్తారు. గచ్చిబౌలిలో ఆటో దిగగానే నాలుగో గేటు ఎటు అని అడగండి. `BLK C` అంటే సి బ్లాకు. `LWR` అంటే కింది అంతస్తు, అది మనకు మంచిదే, నీ మోకాళ్లకు మెట్లు తక్కువ పడతాయి. `ROW` అంటే వరుస. ఎ నుంచి లెక్కపెడితే K పదకొండోది కావాలి, కానీ చాలా చోట్ల I అక్షరాన్ని ఒకటి అంకె అనుకుంటారని వదిలేస్తారు. అలా వదిలేస్తే మీది పదో వరుస. మీరు లెక్కపెట్టొద్దు, మెట్టు పక్కన రాసిన అక్షరమే చూడండి.

21, 22, 23 ఒకే వరుసలో పక్కపక్కన. నాలుగో సీటు దాని వెనక వరుసలో 22. దాని పక్కన ఉన్న `RV` సంగతి తమ్ముడు చూసుకోలేదనుకుంటా. అక్కడి నుంచి స్టేజీ పూర్తిగా కనిపించదని అర్థం. స్తంభమో, స్పీకర్ల దొంతరో అడ్డం ఉండొచ్చు. ఆ సీటులో బావను కూర్చోమను, అందరికన్నా పొడుగు ఆయనే. నువ్వు మాత్రం ముందు వరుసలోనే కూర్చో. ఇన్నేళ్లు వంటింట్లో రేడియోలో విన్న పాటలు ఎదురుగా పాడుతుంటే నీకు పాడేవాళ్ల ముఖం కనబడాలి.

బుజ్జి విషయం చెప్పాలంటే నాకే బాధగా ఉంది. "5 సంవత్సరాలు నిండిన పిల్లలకు పూర్తి టికెట్ అవసరం. అంతకన్నా చిన్నవారికి ప్రవేశం ఉచితం, సీటు ఉండదు" అని ఉంది. దానికి మొన్న దసరాకే ఐదు నిండాయి. గేటు దగ్గర వయసు తగ్గించి చెబుదామని అనుకోవద్దు, అక్కడ ఆపేస్తే అక్క కూడా బయటే ఉండిపోవాలి. ఇంకో టికెట్ కొంటే సీటు ఎక్కడ వస్తుందో తెలియదు. ఉప్పల్‌లో పెద్దమ్మ దగ్గర ఉంచితే నయం. ఎలాగూ రాత్రి పడుకునేది అక్కడే కదా.

గేట్లు సాయంత్రం 5కు తెరుస్తారు, రాత్రి 8 తర్వాత ఎవరినీ రానివ్వరు. ఒకసారి బయటికి వస్తే మళ్లీ లోపలికి పోనివ్వరు, సిగరెట్ కోసమైనా సరే. ఇది కాకకు గట్టిగా చెప్పు. అగ్గిపెట్టె, లైటర్, నీళ్ల సీసా, గొడుగు, పవర్ బ్యాంక్, బయటి తిండి ఏదీ వద్దన్నారు. సకినాల డబ్బా పెద్దమ్మ ఇంట్లోనే పెట్టేయ్. మందులకు మినహాయింపు ఉంది, కానీ డాక్టర్ చీటీ చూపాలి. నీ ఇన్సులిన్ పెన్నుతో పాటు చీటీ కూడా అదే సంచిలో వేసుకో. సంచి ఎ4 కాగితం కన్నా పెద్దది ఉండొద్దు, అంటే నీ ఆకుపచ్చ చేతిసంచి పనికిరాదు, చిన్న నల్లది సరిపోతుంది. లోపల తినేవి అమ్ముతారని రాశారు. పాటల్లో పడి మర్చిపోకుండా టైముకు తిను.

పవర్ బ్యాంక్ వద్దన్నారు కాబట్టి ఫోన్ పెద్దమ్మ ఇంట్లో నిండా చార్జింగ్ పెట్టి బయలుదేరు. గేటు దగ్గర జనం ఎక్కువై నెట్ ఆగిపోతుంది, మెట్రో దిగకముందే యాప్ తెరిచి కోడ్ వచ్చిందో లేదో చూసుకో. ఉప్పల్ నుంచి రాయదుర్గం దాకా ఒకటే మెట్రో, మధ్యలో మారే పని లేదు.

ఇక డబ్బు వాపసు. టికెట్ ఒక్కటి రూ. 1,499, నాలుగింటికి 5,996. దాని మీద 18 శాతం జీఎస్టీ 1,079.28. బుకింగ్ ఫీజు, దాని పన్నుతో కలిపి 354. మొత్తం రూ. 7,429.28. మీరు రాలేకపోతే ఒక్క పైసా తిరిగి రాదు, జ్వరం వచ్చినా, బస్సు ఆగినా అంతే. వాళ్లే షో రద్దు చేస్తే బుకింగ్ ఫీజు పోను మిగతా 7,075.28 పది పని దినాల్లో వస్తుంది. "డబ్బు కట్టిన ఖాతాకే" అని ఉంది, అంటే తమ్ముడి కార్డుకే. నీ ఖాతాలో పడలేదని కంగారు పడొద్దు. వాపసు ఇస్తామని ఎవరైనా ఫోన్ చేసి ఓటీపీ అడిగితే కట్ చేసెయ్.

అసలు చిక్కు తేదీ మారితేనే. అప్పుడు ఇదే టికెట్ కొత్త తేదీకి చెల్లుతుంది. డబ్బే కావాలంటే కొత్త తేదీ చెప్పిన 48 గంటల్లోపల యాప్‌లో అడగాలి, అది దాటితే ఇవ్వరు. ఆ కబురు వచ్చేది తమ్ముడి మెయిల్‌కు. శనివారం దాకా రోజూ మెయిల్ చూడమని వాడికి నేనే చెబుతాను.

ఇంకో చిన్న పని. మన కుటుంబం గ్రూపులో పెట్టిన టికెట్ ఫొటోను అందరికీ పోయేలా డిలీట్ చెయ్. దాని మీద బుకింగ్ నంబరు, తమ్ముడి ఫోన్ నంబరు రెండూ ఉన్నాయి. శనివారం వచ్చే కోడ్‌ను అసలే ఎవరికీ పంపొద్దు, స్టేటస్‌లో పెట్టొద్దు. ఒకసారి స్కాన్ అయిన కోడ్ రెండోసారి పనిచేయదు.

తమ్ముడు టికెట్లు మార్చగానే నీ ఫోన్‌కు మెసేజ్ వస్తుంది. అది నాకు చదివి చెప్పు, నాలుగూ వచ్చాయో లేదో చూద్దాం. గురువారం రాత్రి 9 తర్వాత కరీంనగర్‌లో ఇంట్లోనే ఉంటాను, ఎప్పుడైనా చెయ్.